బిడ్డ కబురు నలుగురిలో పెట్టాలా, ఇంట్లోనే ఉంచుకోవాలా: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది తిరుపతి, పుట్టిల్లు చిత్తూరు. నా కూతురు 35వ వారంలోనే పుట్టేసింది. మొదటి 9 రోజులు పసిపిల్లల ఐసీయూలో ఉంది. ఆ కబురు మేము చెప్పకముందే ఊరంతా తిరిగింది. అప్పటి నుంచి మా వీధిలో, ఆఫీసులో, చుట్టాల్లో ఎవరు నెల తప్పినా "అక్కా, ఇది వాట్సాప్ స్టేటస్‌లో పెట్టొచ్చా వద్దా?" అని నన్నే అడుగుతున్నారు. అడిగినవే మళ్లీ మళ్లీ అడుగుతుంటే ఒకచోట రాసి పెడదామనిపించింది. నెల తప్పినప్పటి నుంచి తిరుమలలో పుట్టు వెంట్రుకలు తీయించేదాకా ఒక బిడ్డ చుట్టూ వచ్చే కబుర్ల గురించే ఇక్కడ రాశాను. పెళ్లి, ఉద్యోగం, కొత్త ఇల్లు లాంటివాటి జోలికి పోలేదు.

ఏది పెట్టొచ్చు, ఏది ఇంట్లోనే ఉంచుకోవాలి అని ఎలా తేల్చుకోవాలి?

నేను మొదట చూసేది ఒకటే. ఈ సంగతి అయిపోయిందా, ఇంకా నడుస్తోందా? నెల తప్పడం నడుస్తున్న సంగతి. కాన్పు అయినా సరే, తల్లీబిడ్డా ఇంటికి చేరేదాకా అది నడుస్తున్నట్టే లెక్క. పేరు పెట్టే ఫంక్షన్ అయిపోయిన సంగతి. పుట్టు వెంట్రుకలు తీయించి కొండ దిగి ఇంటికొచ్చామంటే అదీ అయిపోయింది. నడుస్తున్నదాన్ని నలుగురిలో పెడితే, తర్వాత ఏం జరిగినా ఆ నలుగురికీ చెప్పుకోవాల్సి వస్తుంది. మంచి కబురు విన్నవాళ్లు తర్వాతి కబురు అడగకుండా ఉండరు. వాళ్లను తప్పుపట్టలేం, మొదటి కబురు మనమే చెప్పాం కదా.

రెండోది, ఇది మన నోటితో వినాల్సిన వాళ్లు ఎవరు, వాళ్లంతా విన్నారా? ఈ రెండూ తేలాకే ఫొటోలో ఏం కనబడుతోందని చూస్తాను. చాలామంది ఈ మూడోదాంతో మొదలుపెడతారు. ఫొటో బాగుందా, దిష్టి తగులుతుందా అని ఆలోచిస్తూ మొదటి రెండూ మర్చిపోతారు. నాకు తెలిసిన గొడవలన్నీ ఆ మొదటి రెండింటి దగ్గరే వచ్చాయి.

నెల తప్పిన సంగతి ఎప్పుడు చెప్పాలి? పెద్దవాళ్లు అయిదో నెల దాకా బయటికి చెప్పొద్దంటున్నారు.

మా అవ్వ కూడా అంతే. కడుపు కనబడేదాకా పొరుగింటివాళ్లకు కూడా చెప్పనిచ్చేది కాదు. దిష్టి అనేది. ఆ మాట నమ్మినా నమ్మకపోయినా, లెక్క మాత్రం సరిగ్గానే ఉంది. గర్భం పోవడమనేది జరిగితే ఎక్కువగా మొదటి 12 వారాల్లోనే జరుగుతుంది. ఆ తర్వాత 18 నుంచి 22 వారాల మధ్య టిఫా స్కాన్ చేస్తారు. బిడ్డ గుండె, వెన్నెముక, మెదడు, కిడ్నీలు అన్నీ సరిగా ఏర్పడ్డాయా లేదా అని చూసేది అప్పుడే. అంటే సరిగ్గా అయిదో నెల. అవ్వ చెప్పిన గడువూ, డాక్టరు చెప్పే గడువూ ఒక్కచోటికే వచ్చాయి.

ఇంట్లోవాళ్లకు మాత్రం ముందే చెప్పమంటాను. రెండు వైపుల తల్లిదండ్రులకు, తోబుట్టువులకు, నమ్మకమైన ఒకరిద్దరు స్నేహితులకు. ఏదైనా తేడా వస్తే రాత్రిపూట ఆస్పత్రికి తోడు రావాల్సింది వాళ్లే. కష్టం వస్తే ఎవరి దగ్గర ఏడవగలమో వాళ్లకు మొదటి నెలలోనే చెప్పొచ్చు. మిగతావాళ్లకు టిఫా రిపోర్టు చేతికొచ్చాక చాలు.

ఉద్యోగం చేస్తున్నవాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. సెలవు ఇవ్వాల్సిన మేనేజరుకు మన స్టేటస్ చూసి తెలియకూడదు. ముందు కూర్చుని మాట్లాడి, సెలవు ఎప్పటినుంచో కాగితం మీద పెట్టి, ఆ తర్వాతే తోటివాళ్లకు చెప్పడం మంచిది.

స్కాన్ ఫొటో పెట్టొచ్చా?

ఆ నల్లటి ఫొటోను ఒకసారి పెద్దది చేసి చూడండి. పైన తల్లి పేరు, వయసు, ఆస్పత్రి పేరు, పేషెంటు నంబరు, తేదీ, టైము ఉంటాయి. పక్కన ఎన్ని వారాలో కూడా ఉంటుంది. బిడ్డ ఎక్కడుందో మనకే డాక్టరు వేలుపెట్టి చూపించాలి, ఈ వివరాలు మాత్రం ఎవరైనా చదవగలరు. పెట్టాలనే ఉంటే ఆ అంచులు పూర్తిగా కత్తిరించి మధ్య బొమ్మ ఒక్కటే ఉంచండి. ఫోన్లో పెన్ను గీతతో కొట్టేస్తే సరిపోదు, గీత పల్చగా ఉంటే కింది అక్షరాలు కనబడుతూనే ఉంటాయి.

నన్నడిగితే స్కాన్ ఫొటో నడుస్తున్న సంగతికి గుర్తు. నేను మా అమ్మకు మాత్రమే చూపించాను, అదీ కాగితం మీద.

మా వదినకు పెళ్లయి ఆరేళ్లయినా పిల్లల్లేరు. నా సీమంతం ఫొటోలు పెట్టాలంటే మనసొప్పడం లేదు. ఏం చేయాలి?

ఈ ప్రశ్న అడిగిన అమ్మాయి మంచి మనసుతో అడిగింది, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. ఫొటోలు పెట్టడం మానేస్తే వదిన బాధ తగ్గదు. ఫంక్షన్ జరిగిందని ఆమెకు తెలుసు, చేతులకు గాజులు తొడిగిన సంగతీ తెలుసు. ఆమెను కుంగదీసేది ఆ కబురు వినే తీరు. పొద్దున్నే కాఫీ తాగుతూ ఫోన్ తెరిస్తే, ఎవరో అత్తయ్య గ్రూపులో పెట్టిన ఫొటో కింద 40 మంది చేతులెత్తి దీవెనలు పెడుతుంటే, ఆమె కూడా అప్పటికప్పుడే ఏదో ఒకటి పెట్టాలి. పెట్టకపోతే "చూశావా, కుళ్లు" అంటారు.

కాబట్టి ఆమెకు ముందే, ఒంటరిగా, ఫోన్లో చెప్పండి. మధ్యాహ్నం వంటా వార్పూ అయ్యాక, ఆమె ఒక్కతే ఉండే టైములో. "వదినా, నీకు ముందు చెబుదామని చేశాను. గ్రూపులో ఆదివారం పెడతారు. నువ్వు అక్కడ ఏం రాయకపోయినా నాకేం అనిపించదు" అంటే చాలు. సలహాలు వద్దు, ఫలానా డాక్టరు బాగా చూస్తాడట, ఫలానా గుడికి వెళ్లు అనే మాటలు ఆ రోజు అసలే వద్దు. ఆమె ఏడిస్తే ఏడవనివ్వండి. నేను మా ఇంట్లో ఒకరికి ఇలాగే చెప్పాను. ఆమె రెండు నిమిషాలు ఏం మాట్లాడలేదు. తర్వాత "గాజులు నేను తెస్తాలే" అంది. తెచ్చింది కూడా.

ఆమెను సీమంతానికి పిలవాలా వద్దా అనేది ఆమెనే అడగండి. మీరే నిర్ణయించేసి పిలవకపోతే అది ఇంకా పెద్ద గాయం.

బిడ్డ పుట్టగానే ఒక ఫొటో పెడితే తప్పేంటి? అది సంతోషమే కదా?

మా ఇంట్లో జరిగింది చెబుతాను.

సాయంత్రం ఆపరేషన్ చేశారు. నర్సు బిడ్డను తెల్లటి బట్టలో చుట్టి బయటికి తెచ్చి, మావాళ్లకు ఒక్క నిమిషం చూపించింది. అక్కడ మా ఆయన, అత్తమ్మ, ఆయన పిన్నమ్మ కొడుకు నిలబడి ఉన్నారు. ఆ తమ్ముడు ఎంతో ప్రేమతో ఒక ఫొటో తీసి, "మా ఇంటికి మహాలక్ష్మి వచ్చింది" అని స్టేటస్ పెట్టాడు. బిడ్డ చేతికి కట్టిన బ్యాండు ఆ ఫొటోలో స్పష్టంగా ఉంది. నా పేరు, పుట్టిన టైము, బరువు అన్నీ చదవొచ్చు.

కాసేపటికే బిడ్డ ఊపిరి వేగంగా తీసుకుంటోందని ఐసీయూకి మార్చారు. 37 వారాలు నిండకుండా పుట్టిన బిడ్డల్లో ఇది తరచుగా జరిగేదేనని డాక్టరు చెప్పాడు. ఆ మాట మా ఆయన చెవిలో పడేలోపే ఫోన్లు మొదలయ్యాయి. "తల్లీబిడ్డా క్షేమమేనా?" "ఎవరి పోలిక?" "రేపు పొద్దున చూడ్డానికి రావచ్చా?" ఒక చేత్తో ఐసీయూ కాగితాల మీద సంతకాలు పెడుతూ, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని ఆయన అందరికీ "బాగున్నారు, బాగున్నారు" అంటూనే ఉన్నాడు. అబద్ధం చెబుతున్నాననే బాధ ఒకటి, నిజం చెబితే ఇంకో వంద ఫోన్లు వస్తాయనే టెన్షన్ ఒకటి. చివరికి ఫోన్ మా అత్తమ్మ చేతికిచ్చి ఐసీయూ తలుపు దగ్గర కింద కూర్చుండిపోయాడట. నాకు ఇవన్నీ తర్వాత తెలిశాయి.

మరుసటి రోజు పొద్దున చిత్తూరు నుంచి దగ్గర దగ్గర ముప్పై మంది వచ్చారు. లోపలికి తల్లిని తప్ప ఎవర్నీ రానివ్వరు. వాళ్లు బయట వరండాలో అరటిపళ్లు, బిస్కెట్లు పట్టుకుని నిలబడ్డారు. నాలుగో రోజు కామెర్లు వచ్చి బిడ్డను నీలం లైటు కింద పెట్టారు. అదీ ఎవరో అడిగితే ఎవరో చెప్పారు, సాయంత్రానికి "బిడ్డ నీలంగా మారిపోయిందట" అని తిరిగొచ్చింది. నేను ఆ మాట ఫోన్లో విన్నాను, కుట్లతో మంచం మీద ఉండి.

తమ్ముడి మీద నాకు కోపం లేదు. సంతోషం ఆపుకోలేకపోయాడు. కానీ బిడ్డ పుట్టడం అయిపోయిన సంగతి అనుకున్నాడు, అది అప్పుడే మొదలైంది. అందుకే ఇప్పుడు అందరికీ ఒకటే చెబుతాను: కాన్పు కబురు ఫోన్ చేసి చెప్పే కబురు. స్టేటస్ పెట్టాలంటే డిశ్చార్జ్ అయ్యి, తల్లీబిడ్డా ఇంట్లో దిగాక పెట్టండి.

అయితే కాన్పు రోజు ఎవరికి, ఎలా చెప్పాలి?

ఒక కాగితం మీద పేర్లు రాసి ఆస్పత్రి బ్యాగులో పెట్టండి. ఎనిమిదో నెలలోనే రాయండి, నొప్పులు మొదలయ్యాక ఎవరికీ ఏదీ గుర్తుండదు. నా చెల్లెలి కాన్పుకు ఇలా రాస్తే 14 పేర్లు వచ్చాయి. మా వైపు ఏడుగురు, వాళ్ల వైపు ఏడుగురు. మా వైపు నేను, వాళ్ల వైపు మరిది చేశాం. ఒక్కో ఫోన్ రెండు నిమిషాలు. ప్రతి ఒక్కరికీ చివర్లో "ఇంకా స్టేటస్ పెట్టొద్దు పెద్దమ్మా, ఇంటికి వచ్చాక మేమే పెడతాం" అని ఒక మాట అన్నాం. అరగంటలో అయిపోయింది.

వరస కూడా ముఖ్యం. చెల్లెలి అత్తమ్మ తరఫు పెద్దాయనకు చెవి సరిగా వినబడదు. అందుకని ఆయనకు ఫోన్ చేయకుండా పక్కింటి అబ్బాయిని పంపించి చెప్పించాం. నా కాన్పప్పుడు మా అవ్వకు ఈ కబురు పొరుగింటామె ఫోన్ చూపిస్తే తెలిసింది. ఇప్పటికీ "నాకు ఆమె చెప్పింది" అంటుంది. ఆ ఒక్క మాటను నేను వెనక్కి తీసుకురాలేను.

మా అత్తమ్మ నన్నడక్కుండా బిడ్డ ఫొటో స్టేటస్ పెట్టేశారు. ఎలా చెప్పాలి?

ముందు ఆమె ఎందుకు పెట్టారో ఆలోచించండి. మనవరాలు పుట్టిందని అందరికీ చెప్పుకోవాలనిపిస్తుంది. వెనకటి రోజుల్లో అయితే చక్కెర పంచుతూ ఇల్లిల్లూ తిరిగేవాళ్లు. ఇప్పుడు ఆ తిరగడం ఫోన్లో చేస్తున్నారు. "తీసేయండి" అని కొడుకు చేత గట్టిగా చెప్పిస్తే ఆమెకు మిగిలేది అవమానం.

మేము మా అత్తమ్మతో మాట్లాడిన తీరు చెబుతాను. నేను మాట్లాడలేదు, మా ఆయన మాట్లాడాడు, ఎవరి తల్లికి వాళ్లు చెప్పుకోవడమే మంచిది. "అమ్మా, నీ ఫోన్లో పాలవాడి నంబరుంది, గ్యాస్ అబ్బాయి నంబరుంది, ప్లాట్లు అమ్మే ఆయన నంబరుంది. పాప ఫొటో వాళ్లందరికీ పోతోంది" అన్నాడు. ఆవిడకు ఆ సంగతి తెలియదు. చుట్టాలు మాత్రమే చూస్తారనుకుంది. తర్వాత ఆవిడ ఫోన్లోనే కూర్చుని మార్చాం. వాట్సాప్ సెట్టింగ్స్‌లో Privacy లోకి వెళ్లి Status నొక్కితే మూడు దారులుంటాయి: My contacts, My contacts except..., Only share with... చివరిది ఎంచుకుని ఆవిడకు కావాల్సిన 22 మందిని ఆవిడ చేతే టిక్కు పెట్టించాం. ఇప్పుడు రోజుకో ఫొటో పెట్టుకుంటుంది, ఎవరికీ ఇబ్బంది లేదు. ఒక్కటి గుర్తుంచుకోండి, సెట్టింగ్ మార్చాక పెట్టే స్టేటస్‌లకే అది వర్తిస్తుంది. అంతకు ముందు పెట్టినది విడిగా తీసేయాలి.

చట్టం ఏమైనా సాయం చేస్తుందా అని ఒకరడిగారు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఒక మనిషి సొంతానికి, ఇంటి అవసరానికి వాడుకునే వాటికి వర్తించదు. కాబట్టి ఇది ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సిందే.

స్టేటస్ 24 గంటల్లో పోతుంది కదా, దానికింత ఆలోచన ఎందుకు?

మన ఫోన్లోంచి పోతుంది. చూసినవాళ్లలో ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసుకుంటే మనకు తెలియను కూడా తెలియదు. మా తమ్ముడు పెట్టిన ఆ ఫొటో రెండో రోజు మా ఊరి గ్రూపులో తేలింది, మేము ఎవరమూ పంపలేదు. ఫేస్‌బుక్‌లో ఇంకో చిక్కుంది. మీరు Friends అని పెట్టుకున్నా, ఎవర్నైనా ట్యాగ్ చేస్తే మామూలుగా వాళ్ల స్నేహితులకు కూడా అది కనబడుతుంది. పిల్లల మామయ్యను ప్రేమగా ట్యాగ్ చేస్తే, ఆయన ఆఫీసు మొత్తం చూస్తుంది.

పేరు, పుట్టిన తేదీ రాస్తే ఏమవుతుంది? అందరూ రాస్తారు కదా.

పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పించుకోవడానికి తేదీ కావాలి, నిజమే. కానీ పూర్తి పేరు, పుట్టిన సంవత్సరం రెండూ కలిసి ఒకచోట ఉండటం నాకిష్టం లేదు, దానికి కారణం ఉంది. మనం డౌన్‌లోడ్ చేసుకునే ఈ-ఆధార్ ఫైలుకు పాస్‌వర్డ్ ఏంటో మీకు తెలుసు: పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు పెద్దబడిలో, తర్వాత పుట్టిన సంవత్సరం. సహస్ర అనే పాప 2024లో పుట్టిందనుకుంటే ఆ పాస్‌వర్డ్ SAHA2024. మొదటి పుట్టినరోజు పోస్టులో కేకు మీద పేరు, పక్కన "1" అంకె కొవ్వొత్తి ఉంటే పాస్‌వర్డ్ చెప్పేసినట్టే. ఆ ఫైలు వేరే వాళ్ల చేతిలో పడితేనే ప్రమాదం. కానీ మనం ఆ ఫైలును ఎన్ని జిరాక్స్ షాపుల్లో వాట్సాప్ చేసి ప్రింటు తీయించుకున్నామో ఒకసారి లెక్కేయండి.

జనన ధృవీకరణ పత్రం విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పుట్టిన 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడం నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి ఆ ఒక్క కాగితమే ఆధారం. "పేరు రిజిస్టర్ అయింది" అని సంబరంగా ఆ కాగితాన్నే ఫొటో తీసి పెట్టిన వాళ్లను చూశాను. అందులో తల్లిదండ్రుల పేర్లు, చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు అన్నీ ఉంటాయి. పేరు చెప్పాలంటే తొట్టి మీద పూలతో రాసిన పేరు ఫొటో పెట్టండి. పిలుపు పేరు ఒక్కటే అయితే ఇంకా మంచిది.

ఫ్యామిలీ గ్రూపులో పెడితే ఇంట్లో ఉంచుకున్నట్టేనా?

ఎంతమంది ఉన్నారో చూడండి. మా పెద్ద గ్రూపులో 83 మంది ఉన్నారు, అందులో ఇద్దరి పేర్లు నాకు తెలియవు. అది వీధిలో చెప్పినట్టే. మేము బిడ్డ కోసం వేరే గ్రూపు పెట్టుకున్నాం, 11 మంది. టీకాల తేదీలు, బరువు, జ్వరాలు, మొదటి అడుగు వీడియో అన్నీ అందులోకే పోతాయి.

తిరుమలలో పుట్టు వెంట్రుకలు తీయించాం. ఈ ఫొటోలు పెట్టొచ్చా?

ఇది పెట్టొచ్చని నేను గట్టిగా చెప్పే కబురు. మొక్కు తీరింది, సంగతి అయిపోయింది, దాచుకోవాల్సిందేమీ లేదు. నేను పెట్టిన ఒకే ఒక్క పోస్టు ఇదే. ఎప్పుడు, ఏ ఫొటో అనేదే చూసుకోవాలి.

పాపకు 11వ నెలలో తీయించాం. మాలో బేసి నెలలోనే తీయిస్తారు. ఏడాది లోపు బిడ్డలున్న తల్లిదండ్రులకు సుపథం దగ్గర విడిగా లోపలికి వెళ్లే వీలుంది. దానికి బిడ్డ జనన ధృవీకరణ పత్రం, మా ఆధార్ కార్డులు పట్టుకెళ్లాం. చేతిలో కాగితాలు, చంకలో బిడ్డ, ఒక సెల్ఫీ, అదే మొదట వచ్చే ఫొటో. దాన్ని పెట్టకండి, కాగితాలు చదవగలిగేంత స్పష్టంగా ఉంటాయి. గుడిలోకి ఫోన్లు ఎలాగూ తీసుకెళ్లనివ్వరు, డిపాజిట్ చేయాలి. ఆ రెండు మూడు గంటలు ఎవరికీ ఏం చెప్పే పని లేకుండా ఉండటం నాకెంతో హాయిగా అనిపించింది.

కళ్యాణకట్టలో టోకెన్, బ్లేడు ఇస్తారు, డబ్బులేం తీసుకోరు. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. నీళ్లు చల్లగానే మొదలైన ఏడుపు చివరిదాకా ఆగలేదు. నోరంతా తెరిచి, ముక్కు కారుతూ ఏడుస్తున్న వీడియో మా తమ్ముడి ఫోన్లో ఉంది. చాలా ముద్దుగా ఉంటుంది, పదకొండు మంది గ్రూపులో అందరం పదిసార్లు చూశాం. బయట పెట్టలేదు. పదేళ్ల తర్వాత ఆ పిల్ల తన క్లాసు పిల్లల ముందు చూడటానికి ఇష్టపడేది కాదని నాకనిపించింది. స్నానం చేయించేటప్పుడు తీసినవి అసలు ఫోన్లోనే ఉంచలేదు.

ఎప్పుడు అనేది కూడా ముఖ్యమే. కొండ మీద ఉన్నప్పుడే లొకేషన్ పెట్టి పోస్టు చేస్తే ఇల్లు తాళం వేసి ఉందని చెప్పినట్టు. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ లేరు, అత్తమ్మతో సహా అందరం వెళ్లాం. దిగి వచ్చి, తలుపు తీసి, ప్రసాదం పంచిపెట్టాక మరుసటి రోజు పెట్టాను.

పెట్టకపోతే దాస్తున్నామని బాధపడతారేమో?

కొందరు బాధపడతారు. వాళ్లు బాధపడేది పోస్టు లేనందుకు కాదు, తమకు చెప్పలేదని. అందుకని లడ్డూలు ఇంటికి తీసుకెళ్లి ఇచ్చాం. రెండు రోజులు పట్టింది. చిత్తూరులో నాలుగు ఇళ్లు, తిరుపతిలో తొమ్మిది ఇళ్లు. వెళ్లిన ప్రతిచోటా పాప గుండును నిమిరి, పది నిమిషాలు కూర్చోబెట్టారు.

పెట్టేశాక మనసు మారితే?

వెంటనే తీసేయండి. వాట్సాప్‌లో పంపినది రెండున్నర రోజుల్లోపు అందరి దగ్గర్నుంచీ తీసేయొచ్చు, ఆ తర్వాత మన దగ్గర మాత్రమే పోతుంది. ఫేస్‌బుక్‌లో పాతవాటన్నిటినీ ఒకేసారి స్నేహితులకు పరిమితం చేయడానికి Limit past posts అనే ఏర్పాటు ఉంది. ఎవరైనా అప్పటికే తీసుకున్నారని అనుమానముంటే వాళ్లకు ఫోన్ చేసి అడగండి. చాలామంది అడిగితే తీసేస్తారు.

సరే, పెట్టాలనుకున్నాం. ఏ ఫొటో, ఏం రాయాలి?

నేను పెట్టిన ఫొటోలో పాప మొహం లేదు. మా ఆయన భుజం మీద తల వాల్చి నిద్రపోతోంది, వెనకనుంచి తీశాను. గుండు మీద పూసిన గంధం అప్పటికే ఆరిపోయి, చెవి పక్కన చిన్న పొరలా లేస్తోంది. పేరు రాయలేదు, తేదీ రాయలేదు. రాసింది ఇంతే:

"మా అమ్మాయికి కొండమీద పుట్టు వెంట్రుకలు తీయించాం. నిన్ననే ఇంటికొచ్చాం. తను పుట్టినప్పుడు ఆ తొమ్మిది రోజులూ ఆస్పత్రి వరండాలో మాకోసం నిలబడ్డ అందరికీ దండాలు."

అదే ఫొటో ముందు రోజే ప్రింటు తీయించి, చిత్తూరు వెళ్లి మా అవ్వ చేతికిచ్చాను. కళ్లజోడు తెప్పించుకుని చాలాసేపు చూసింది. "ఇంకా ఎవరికీ చూపించలేదు కదా?" అంది. లేదవ్వా, నువ్వే మొదట అన్నాను.